బాపు పక్కన కొత్త స్కూటీ: ఫొటో కింద ఏం రాయాలి?

"సార్, మాది సిరిసిల్ల. బాపు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తడు, అమ్మ బీడీలు చేస్తది. నేను వేములవాడలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరి పది నెలలైంది. డ్యూటీ దిగి బస్సులో వచ్చేసరికి రాత్రి తొమ్మిది అవుతుంది. రోజూ బాపు సైకిల్ వేసుకుని బస్టాండ్‌కు వచ్చేవాడు. నైట్ షిఫ్ట్ ఉన్న వారం కూడా సాంచాలు చూడమని పక్కాయనకు చెప్పి వచ్చేవాడు. అందుకే మొన్న ఫైనాన్స్‌లో స్కూటీ తీసుకున్నాం. డౌన్ పేమెంట్ 34,000. అందులో 15,000 అమ్మ సంఘంలో లోను తీసి ఇచ్చింది, మిగతాది నేను జీతంలో దాచుకున్నది. షోరూమ్ ముందు బాపు సీటు మీద చెయ్యి పెట్టి నిలబడిన ఫొటో బాగా వచ్చింది. స్టేటస్‌లో, ఇన్‌స్టాలో పెట్టాలని ఉంది. నేను రాసుకున్నది ఇది: 'కష్టే ఫలి. ఎట్టకేలకు నా కల నెరవేరింది. నా సొంత సంపాదనతో నా మొదటి బండి. లవ్ యూ మామ్ అండ్ డాడ్.' ఎందుకో నాకే నచ్చలేదు. ఫ్రెండేమో అమ్మ బీడీల సంగతి, మా పేదరికం రాయమంటోంది, అందరి మనసుకూ తాకుతుందట. బాపు అసలేమీ పెట్టొద్దంటున్నాడు, దిష్టి తగుల్తదని. ఏం రాయమంటారు?"

అమ్మా, నేను ఇరవై ఏళ్లకు పైగా పత్రిక డెస్కులో కూర్చుని ఫొటోల కింద రాతలు రాశాను. వాటిని మేం రైటప్ అనేవాళ్లం. చేరిన మొదటి వారంలోనే ఒక సీనియర్ చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. "ఫొటోలో కనిపించేది మళ్లీ రాయకు. కనిపించనిది రాయి" అన్నాడాయన. నాయకుడు రిబ్బన్ కత్తిరిస్తున్నాడని రాస్తే పాఠకుడికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు, అది అతనికి కనిపిస్తూనే ఉంది. ఆ భవనం ఎన్నేళ్లు సగంలో ఆగిపోయిందో రాస్తే అప్పుడు ఫొటో వంక ఇంకోసారి చూస్తాడు.

నీ ఫొటోలో స్కూటీ కనిపిస్తుంది. కొత్తదని తెలుస్తుంది. పక్కన బాపు ఉన్నాడు, సంతోషంగా ఉన్నాడు. అంతవరకు ఫొటోనే చెబుతుంది. మరి నువ్వు రాసుకున్న నాలుగు వాక్యాలు కొత్తగా ఏం చెప్పాయి? వాటిని తీసుకెళ్లి మదనపల్లెలో బైకు కొన్న అబ్బాయి ఫొటో కింద పెట్టినా అతుకుతాయి, విశాఖలో కారు కొన్న డాక్టరు ఫొటో కింద పెట్టినా అతుకుతాయి. సిరిసిల్ల అందులో లేదు, మీ ఇల్లు లేదు, ఆ సైకిల్ లేదు. నీకు నచ్చకపోవడానికి కారణం అదే. అవి తప్పు వాక్యాలు కావు, నీవి కావు, అంతే.

నిజానికి నీ క్యాప్షన్ నీ ఉత్తరంలోనే ఉంది. ఫొటో గురించి, బండి గురించి చెప్పడం మొదలుపెట్టక ముందే, పరిచయంలాగా ఒక మాట రాసి దాటేశావు. రాత్రి తొమ్మిదికి సైకిల్ వేసుకుని వచ్చే బాపు మాట. ఇలాగే జరుగుతుంది చాలామందికి. ఇంట్లో రోజూ జరిగేది కాబట్టి అది రాయదగ్గ విషయమని తోచదు. అందుకే ముందు అడగవలసిన ప్రశ్న "ఈ బండి గురించి గొప్పగా ఏం చెప్పాలి" అని కాదు. "ఈ బండి వచ్చాక మా ఇంట్లో ఏ పని ఆగిపోయింది, ఏ పని మారింది" అని. నీ విషయంలో జవాబు ఒక్కటే. పది నెలలుగా బాపు చేస్తున్న పని ఒకటి ఆగిపోయింది.

ఇప్పుడు దాన్ని వాక్యంగా మార్చుదాం. మొదటిసారి రాస్తే ఎవరికైనా దాదాపు ఇలా వస్తుంది:

"రోజూ రాత్రి తొమ్మిది గంటలకు నా కోసం సైకిల్ మీద బస్టాండ్‌కు వచ్చే మా బాపు కష్టం చూడలేక, ఆయనకు ఇక ఆ శ్రమ ఉండకూడదని ఈ స్కూటీ కొన్నాను."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ అర్జీ చదువుతున్నట్టు ఉంది. ఎందుకంటే కష్టం, శ్రమ, చూడలేక అనే మాటలతో చదివేవాళ్లు ఏమనుకోవాలో మనమే చెప్పేశాం. సైకిల్, బస్టాండ్, రాత్రి తొమ్మిది అని మూడు మాటలు చదివితే సిరిసిల్లలో ఎవరికైనా ఆ చీకటి, ఆ నిలబడటం కళ్ల ముందుకు వస్తాయి. మళ్లీ కష్టం అనే మాట అక్కర్లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. వాక్యం చివరికి వచ్చేసరికి కొన్నది నువ్వు, జాలిపడ్డది నువ్వు, శ్రమ తప్పించింది నువ్వు. బాపు నీ దయ అందుకున్నవాడిలా మిగిలిపోయాడు. ఆయన నిలబడింది అందుకు కాదు కదా.

ఆ మాటలు తీసేసి చిన్నది చేద్దాం:

"రాత్రి తొమ్మిదికి బస్టాండ్‌లో సైకిల్ పట్టుకుని నిలబడే బాపుకు ఇక సెలవు."

పొట్టిగా ఉంది, కష్టం అనే మాట పోయింది. కానీ దీన్ని మాత్రం పొరపాటున కూడా పెట్టకు. మన భాషలో మనిషి ఫొటో కింద "ఇక సెలవు" అని కనబడితే చదివేవాళ్ల గుండె ఒక్క క్షణం ఆగుతుంది. ఫోన్లు మోగడం మొదలవుతాయి. స్టేటస్‌లు ఎవరూ నింపాదిగా చదవరు, బొటనవేలితో తోస్తూ పోతారు. రెండు మాటలు కంటపడగానే అర్థం చేసేసుకుంటారు. మనిషి ఫొటో కింద సెలవు, వీడ్కోలు, జ్ఞాపకం, చివరిసారి లాంటి మాటలు ఏ అర్థంలో వాడినా వేరే అర్థమే ముందు తగులుతుంది. డెస్కులో మేం ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండేవాళ్లం.

సెలవు వద్దనుకుంటే మరేం మాట పెట్టాలి? అది కూడా నీ ఉత్తరంలోనే ఉంది. "డ్యూటీ దిగి" అన్నావు. సాంచాల షెడ్డులో బాపు అనే మాట అదే, ల్యాబ్‌లో నువ్వు అనే మాటా అదే. షిఫ్ట్ ఎక్కడం, డ్యూటీ దిగడం. మీ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న మాట అది. దాన్ని పట్టుకుంటే వాక్యం దానంతటదే కుదురుకుంటుంది:

"పది నెలలు, రాత్రి తొమ్మిదింటికి, సైకిల్ మీద బస్టాండ్‌కు వచ్చే డ్యూటీ బాపుది. ఇయ్యాల డ్యూటీ దిగిండు."

నేనైతే ఇదే పెడతాను. ఇందులో నువ్వు లేవు, నీ జీతం లేదు, స్కూటీ అనే మాట కూడా లేదు. స్కూటీ ఫొటోలో ఉంది కాబట్టి చాలు. చదివినవాళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఫొటో చూసి, సీటు మీద ఉన్న ఆ చెయ్యి చూసి, అప్పుడు అర్థం చేసుకుంటారు. ఆ ఒక్క క్షణం కోసమే క్యాప్షన్ రాసేది.

"దిగిండు" అని రాస్తే బాగుంటుందా, "దిగాడు" అనాలా, "దిగారు" అని మర్యాదగా రాయాలా అని నీకు అనుమానం రావచ్చు. నీ ఉత్తరంలోనే రెండు రకాలూ ఉన్నాయి. మొదట "పనిచేస్తడు" అన్నావు, తర్వాత బడిలో నేర్పిన భాషలోకి వెళ్లి "వచ్చేవాడు" అన్నావు. ఉత్తరానికి ఎలాగైనా ఫర్వాలేదు. క్యాప్షన్ మాత్రం ఇంట్లో నువ్వు మాట్లాడే మాటలోనే ఉండనీ. బాపును ఇంట్లో ఏమని పిలుస్తావో అదే రాయి. నువ్వు రాసుకున్న దాంట్లో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది "డాడ్" అన్న మాట. పుట్టినప్పటి నుంచి బాపు అని పిలిచిన మనిషి ఫొటో పెట్టి కింద డాడ్ అని రాస్తే ఆ పిలుపు ఎవరికి వెళ్లింది? ఇంగ్లిష్ మాట అని కాదు నా అభ్యంతరం. చిన్నప్పటి నుంచి డాడీ అని పిలిచే పిల్లలు డాడీ అనే రాయాలి, వాళ్లు జనకుడనో తండ్రిగారనో రాస్తే అదీ ఇలాగే ఉంటుంది. నాయనా అనేవాళ్లు నాయన అని, అయ్యా అనేవాళ్లు అయ్య అని రాసుకోవాలి.

అలాగే తెలుగు అక్షరాల్లోనే రాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేయడం తొందరగా అవుతుందని నాకూ తెలుసు, నీ స్నేహితులు అలాగే చదువుతారు కూడా. కానీ ఈ ఫొటోను ఎక్కువ ప్రేమగా చూసేవాళ్లు నీ స్నేహితులు కారు. అమ్మ సంఘం ఆడవాళ్లు, బాపు షెడ్డులో తోటివాళ్లు, మేనత్తలు. వాళ్లలో చాలామంది తెలుగు అక్షరాలైతే కూడబలుక్కుని చదువుకుంటారు, ఇంగ్లిష్ అక్షరాలైతే పక్కనున్న పిల్లవాడికి ఫోన్ ఇవ్వాలి.

అక్షరాల సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న సాంకేతిక విషయం చెప్పాలి. ఇన్‌స్టాలో క్యాప్షన్ ఎంత పొడుగు రాసినా మొదటి ఒకటి రెండు వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. తెలుగుకు ఇది ఇంకాస్త ఇరుకు. మన కంటికి "అమ్మ" రెండు అక్షరాలు. ఫోన్ లెక్కలో నాలుగు, ఎందుకంటే అ, మ, వత్తు గుర్తు, మళ్లీ మ అని విడివిడిగా లెక్కపెడుతుంది. పైన నేను రాసిన రెండు ముక్కలూ ఆ లెక్కలో సుమారు వంద వస్తాయి. అందుకే దాని ముందు ఇంకేమీ పెట్టకు. "హాయ్ ఫ్రెండ్స్, ఈ రోజు నా జీవితంలో" అని మొదలుపెడితే "డ్యూటీ దిగిండు" అన్న మాట మడతలోకి వెళ్లిపోతుంది. ఆ మాట కనబడకపోతే మొదటి వాక్యం ఫిర్యాదులా ఉంటుంది. బొమ్మలు, హ్యాష్‌ట్యాగ్‌లు పెట్టాలనుకుంటే ఒక వరుస వదిలి కింద పెట్టుకో.

ఇప్పుడు అమ్మ సంగతి. "నా సొంత సంపాదనతో" అని రాశావు. నీ 19,000 వెనుక పది నెలల పొదుపు ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ స్టేటస్ ఎవరు చూస్తారో ఒకసారి ఆలోచించు. సంఘంలో లోను తీసేటప్పుడు అమ్మ ఒక్కతే సంతకం చేసి తెచ్చుకోదు. ఎవరికి ఎంత, ఎందుకు అని అందరి ముందూ మాట్లాడుకుంటారు, తీర్మానం రాస్తారు, తీర్చే పూచీ కూడా అందరిదీ. అంటే ఆ 15,000 కూతురి బండి కోసమని ఆ ఆడవాళ్లందరికీ తెలుసు. వాళ్లు నీ స్టేటస్‌లో "సొంత సంపాదన" అని చదివి మరుసటి సమావేశంలో అమ్మ మొహం వంక చూస్తారు. అమ్మ ఏమీ అనదు. ఒక మాట తీసేస్తే పోయేదానికి ఆమెను అక్కడ నిలబెట్టడం ఎందుకు?

కాగితం ప్రకారం చూసినా బండి ఇంకా పూర్తిగా నీది కాలేదు. ఆర్సీలో నీ పేరుతో పాటు ఫైనాన్స్ కంపెనీ పేరు కూడా ఉంటుంది, హైపోథికేషన్ అని. కిస్తీలన్నీ కట్టేశాక అది దానంతటదే పోదు, ఈ విషయం తెలియక చాలామంది బండి అమ్మే రోజు ఇబ్బంది పడుతుంటారు. కంపెనీ దగ్గర ఎన్ఓసీ, సంతకం చేసిన ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో ఆ పేరు తీయించుకోవాలి. ఆ రోజు "ఇప్పుడు సొంతం" అని ఇంకో ఫొటో పెట్టుకో, అప్పుడు ఆ మాట అక్షరాలా నిజమవుతుంది.

అమ్మ గురించి రాయాలని ఉంటే బాపు క్యాప్షన్‌లోనే ఇరికించకు. రెండు విషయాలు ఒకే చోట పెడితే రెండూ పలచబడతాయి, పైగా అమ్మ "ఇంకా" అన్న మాటతో చివర్లో తగిలించినట్టు ఉంటుంది. అమ్మతో వేరే ఫొటో తీసుకో. షోరూమ్ దగ్గర కాదు, ఇంటి ముందు. దాని కింద ఇలా రాయొచ్చు:

"ముందటి చక్రం అమ్మది, వెనుకది నాది. నడుమ ఉన్నదంత కిస్తీలు కట్టినంక మాదైతది."

ఇందులో సంఘం పేరు లేదు, మొత్తం లేదు. తెలిసినవాళ్లకు తెలుస్తుంది, తెలియనివాళ్లకు ఇల్లంతా కలిసి కొన్నారని అర్థమవుతుంది. కిస్తీల మాట బయటికి చెప్పడం అమ్మకు ఇష్టం లేదంటే మొదటి వాక్యం ఒక్కటే ఉంచు, అది ఒంటరిగా కూడా నిలబడుతుంది.

నీ ఫ్రెండ్ మాట గురించి చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక ఊళ్లో అబ్బాయికి ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. తండ్రి వ్యవసాయ కూలీ. ఫొటో వచ్చింది, తండ్రీ కొడుకూ పక్కపక్కన. నేను "కూలీ కొడుకు కొలువు కొట్టాడు" అని పైన శీర్షిక పెట్టాను. నాలుగు మాటలూ ఒకే అక్షరంతో కుదిరాయని ఆ రాత్రి చాలా సంతోషపడ్డాను. వారం తర్వాత ఆ తండ్రి మా ఆఫీసుకు వచ్చాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో తెచ్చుకున్నాడు. గొడవ పెట్టుకోలేదు. "మీరు రాసింది తప్పు కాదు సార్, నేను కూలీనే. కానీ మావాడి పేరు ఎక్కడో నాలుగో వరుసలో ఉంది. నా కూలి మొదటి మాటయింది. చదివింది వాడు గదా" అన్నాడు. టీ తాగమన్నా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత అలాంటి శీర్షిక నేను పెట్టలేదు, నా కింద పనిచేసిన పిల్లల్ని పెట్టనివ్వలేదు.

అమ్మ బీడీలు చేయడం దాచుకోవలసిన పని కాదు. తునికాకు కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకుని, పొగాకు వేసి చుట్టి, దారం కట్టి, వెయ్యికి ఇంత అని కూలి తీసుకునే పని అది. వేళ్లకు ఎంత నేర్పు కావాలో పక్కన కూర్చుని చూసిన నీకు తెలుసు. రాయకూడదని కాదు నేను చెబుతున్నది. రాస్తే ఆ వాక్యంలో అమ్మ ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. "బీడీ కార్మికురాలి బిడ్డను" అని రాస్తే అమ్మ నీ పేరుకు ముందు అంటించిన చీటీ అవుతుంది, నువ్వు ఎంత కిందినుంచి ఎక్కావో చూపించడానికి ఆమెను కింద నిలబెట్టినట్టు అవుతుంది. "బండి తాళం చెయ్యి చేతికివ్వగానే అమ్మ బీడీల చాట పక్కన పెట్టి నిలబడింది" అని రాస్తే అక్కడ ఒక మనిషి ఉంది. పని అదే, ఇల్లు అదే, వాక్యం మారింది.

పేదరికం అనే మాట మాత్రం అసలు వద్దు. మీ బజారులో అందరి ఇళ్లూ దాదాపు మీ ఇల్లులాంటివే. నువ్వు "పేదరికం నుంచి వచ్చాను" అని రాసిన రోజున పక్కింటివాళ్లు తమ ఇంటి వంక చూసుకుంటారు. లైకులు వస్తాయన్న మాట నిజమే కావచ్చు. అవి ఎక్కువగా ఆ వీధి తెలియనివాళ్లవి.

బాపు దిష్టి అంటున్నాడు. చదువుకున్న పిల్లలు ఈ మాటను తీసిపారేస్తారు, నువ్వు అలా చేయకు. వేములవాడలోనే పనిచేస్తున్నావు కాబట్టి రాజన్న గుడి దగ్గర బండి పూజ చేయించడం నీకు పెద్ద పని కాదు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టించి, పసుపు కుంకుమ పెట్టాక ఫొటో పెడతానని చెప్పు. సగం ఒప్పుకుంటాడు. మిగతా సగం ఏమిటో నేను చెబుతాను. ఆయన భయపడేది కంటి చూపుకు మాత్రమే కాదు. "సాంచాల మీద పనిచేసేటాయనకు స్కూటీ ఎట్లొచ్చింది" అనే మాటకు. పది రోజులకు ఎవరో ఒకరు వచ్చి "బిడ్డ సంపాదిస్తున్నది గదా, ఓ ఐదువేలు సర్దు" అని అడిగితే లేదనలేని మొహమాటానికి. పెద్దవాళ్లు దీన్నంతా దిష్టి అనే ఒక్క మాటలో చెబుతారు.

దానికి మందు కూడా ఉంది. వాట్సాప్‌లో స్టేటస్ ప్రైవసీలోకి వెళ్తే ఎవరికి కనిపించాలో, ఎవరికి కనిపించకూడదో ఎంచుకోవచ్చు. బాపును పక్కన కూర్చోబెట్టుకుని ఎవరెవరు వద్దో ఆయన్నే చెప్పమను. ఎలాగూ 24 గంటల తర్వాత అది కనబడదు, ఆ మాట కూడా చెప్పు. ఇన్‌స్టాలో పెట్టింది మాత్రం నువ్వు తీసేదాకా ఉంటుంది, కాబట్టి అక్కడ ఖాతా ప్రైవేటుగా ఉందో లేదో చూసుకో. ధర, మోడల్, ఆఫర్ గురించి ఏమీ రాయకు. షోరూమ్‌వాళ్లు చేతికిచ్చే పెద్ద అట్ట తాళం చెవితో దిగిన ఫొటో కంటే బాపు ఒక్కడే ఉన్నది మేలు. పెట్టే ముందు ఫొటోను వేళ్లతో పెద్దది చేసి అంచులన్నీ చూడు. డెలివరీ రోజున చేతిలో ఫైనాన్స్ కాగితాలు, రసీదులు పట్టుకుని ఉంటాం, వాటి మీద ఫోన్ నంబరు, చిరునామా, లోను నంబరు స్పష్టంగా చదవగలిగేలా పడతాయి. అలా ఉంటే కత్తిరించు.

మొదటి జీతం గురించి ఇలాగే అడిగేవాళ్లకు కూడా ఇక్కడే ఒక మాట. జీతం పడిందన్న బ్యాంకు మెసేజిని, జీతం స్లిప్పును ఫొటో తీసి పెట్టవద్దు. మెసేజిలో ఖాతాలో ఎంత ఉందో కనిపిస్తుంది, స్లిప్పులో పాన్, పీఎఫ్ నంబరు, ఒక్కోసారి ఖాతా నంబరు కూడా ఉంటాయి. జీతం అంకెలో క్యాప్షన్ దొరకదు, జీతంతో మొట్టమొదట ఏం చేశారో అందులో దొరుకుతుంది. నాకు తెలిసిన ఒక అబ్బాయి, వాళ్లమ్మ బట్టలు కుడుతుంది, మొదటి జీతంతో ఆమెకు కళ్లద్దాలు కొన్నాడు. నన్ను అడిగితే, ఇంతకుముందు ఎలా ఉండేది అని తిరిగి అడిగాను. సాయంత్రమైతే సూదిలో దారం ఎక్కించమని పిలిచేదట. చివరికి అతను పెట్టింది ఇది: "మొదటి జీతంతో అమ్మకు కళ్లద్దాలు. సూదిలో దారం ఎక్కించమని ఇక నన్ను పిలవదు." రెండో వాక్యంలో సంతోషం ఎంతుందో కొద్దిగా దిగులూ అంతే ఉంది, అందుకే నాకు నచ్చింది. ఆ అబ్బాయి జీతం ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక పెట్టడమే మిగిలింది. దానికి ముందు బాపుకు చదివి వినిపించు. ఫోన్ చేతికివ్వకు, నువ్వే గట్టిగా చదువు. కళ్లతో చదివినప్పుడు దొరకని తప్పులు చెవికి దొరుకుతాయి. "తొమ్మిదింటికి కాదు బిడ్డా, నేను ఎనిమిదిన్నరకే వచ్చి నిలబడేటోణ్ని, బస్సు ముందొస్తదేమోనని" అంటాడేమో చూడు. అలా అంటే ఆ మాటే రాయి, నాది తీసేయి. "గిదెందుకు" అని మొహం పక్కకు తిప్పుకుంటే కాసేపు ఆగి మళ్లీ అడుగు. వద్దే వద్దంటే మానేయి, ఫొటో మీ ఇంట్లో ఉంటుంది. సరేనంటే రాత్రి తొమ్మిదింటికి పెట్టు. రోజూ ఆయన బస్టాండ్‌లో ఉండే వేళ అది.

ఇంకొక మనిషి మిగిలాడు. నైట్ షిఫ్ట్ వారాల్లో బాపు సాంచాలు చూసిన పక్కాయన. తన సాంచాలు తాను చూసుకుంటూనే ఇంకొకరివి కూడా కనిపెట్టుకుని ఉండటం తేలిక కాదు. పోగు తెగితే ఆపాలి, ముడివేయాలి, మళ్లీ నడిపించాలి, ఈలోగా ఇవతల ఇంకోటి తెగుతుంది. పది నెలల్లో ఆయన వాటా కూడా ఉంది. ఆయన్ను క్యాప్షన్‌లో పెట్టకు, యజమాని చూస్తే షిఫ్టులో బయటికి వెళ్లిన సంగతి బాపు మీదికి వస్తుంది. ఫొటోను ఆయన నంబరుకు విడిగా పంపు, కింద ఈ ఒక్క వాక్యం రాసి:

"కాకా, ఇగ రాత్రి తొమ్మిదింటికి బాపు నీకు సాంచాలు అప్పజెప్పి పోడు."